మూడో బొమ్మ కింద రాసిన క్యాప్షన్

నీళ్లు తగ్గిస్తే మొక్కల ఎత్తు ఎంత తగ్గుతుందో చూపే పేపర్ మాది. మూడో బొమ్మ కింద "నీటి ప్రభావం" అని రాసి పంపేశాను. రివ్యూయర్ అడిగింది ఒక్కటే: "ఎర్రర్ బార్లు దేన్ని చూపుతున్నాయి? n ఎంత?"

మెథడ్స్‌లో 'సగటు ± ఎస్‌డి' అని ఉంది. ఎస్‌డి అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె. అదే క్యాప్షన్‌లో చేరిస్తే సరిపోతుందనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి బార్‌ని స్కేలుతో పోల్చి చూశాను. మామూలు నీటి గుంపుకి టేబుల్‌లో ఎస్‌డి 4.8 సెం.మీ. ఉంటే, బొమ్మలో బార్ ఒక సెంటీమీటరు పైచిలుకే. 4.8ని √18తో భాగిస్తే 1.13. అంటే బొమ్మ గీసిన కోడ్ ఎస్‌డి బదులు, దాన్ని √nతో భాగిస్తే వచ్చే స్టాండర్డ్ ఎర్రర్ గీసింది, అదీ n, అంటే లెక్కలోకి తీసుకున్న కొలతల సంఖ్య, 18 అనుకుని.

ఆ 18 చూశాక అసలు టెన్షన్ మొదలైంది. మేం నీళ్లు పోసింది కుండీలకి. గుంపుకి 6 కుండీలు, కుండీకి 3 మొక్కలు. ఒకే కుండీలో మొక్కలు ఒకే మట్టినీ ఒకే నీటినీ పంచుకుంటాయి కాబట్టి వాటిని విడివిడి ప్రయోగాలుగా లెక్కపెట్టకూడదు. పైగా తక్కువ నీటి గుంపులో ఒక కుండీ మొత్తం ఎండిపోయింది. ఆ సంగతి టెక్స్ట్‌లో ఎక్కడా రాయలేదు.

కుండీ సగటులతో మళ్లీ లెక్కవేశాను. నీటి ప్రభావమే లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం ఎంతో చెప్పేది p. మొదట p < 0.001 వచ్చింది, ఇప్పుడు 0.015. తేడా నిలబడింది కానీ రిజల్ట్స్‌లో రాసిన "చాలా బలమైన తేడా" అన్న మాట తీసేయాల్సి వచ్చింది. క్యాప్షన్ ఇలా మారింది:

"బొమ్మ 3. 30వ రోజున మొక్క ఎత్తు (సెం.మీ.). మామూలు నీరు: 6 కుండీలు, తక్కువ నీరు: 5. ప్రతి చుక్క ఒక కుండీ (3 మొక్కల సగటు). అడ్డగీత గుంపు సగటు, బార్లు ± ఎస్‌డి. వెల్చ్ టి-టెస్ట్, రెండు వైపులా, p = 0.015."

పేపర్ చదవని స్నేహితురాలికి ఆ పేజీ ఒక్కటే ఇచ్చి, ఏం అర్థమైందో చెప్పమన్నాను. "ఒక గుంపులో అయిదే ఎందుకున్నాయి? టేబుల్‌లో ఈ 'టి2' ఏమిటి?" అంది. తక్కువ నీటికి టెక్స్ట్‌లో ఒక పేరు, టేబుల్‌లో ఒక కోడ్ వాడానని అప్పటిదాకా నాకే తట్టలేదు. అన్నిచోట్లా 'తక్కువ నీరు' అనే మార్చాను. టేబుల్ అంకెలు కూడా కుండీ సగటులవే పెట్టి, "ఒక కుండీ 12వ రోజున ఎండిపోయింది, లెక్కలో చేర్చలేదు" అని కింద నోట్ రాసి, అదే వాక్యం మెథడ్స్‌లోనూ పెట్టాను. అబ్‌స్ట్రాక్ట్‌లో మిగిలిపోయిన పాత p విలువ మాత్రం పంపే ముందు రాత్రి కనబడింది.