చరణాల మధ్య మాటలు

రెండు చరణాల మధ్య ఎనిమిది బార్ల ఖాళీలో ఒక చిన్న వచనాన్ని పలికించాలని అనుకున్నాను. పాట వేగం నిమిషానికి 80 బీట్లు, బార్‌కు నాలుగు బీట్లు కాబట్టి ఒక్కో బార్‌కు మూడు సెకన్లు, మొత్తం 24 సెకన్లు దొరుకుతాయి.

మొదట బీట్ వినకుండా తీరిగ్గా చదివి రికార్డు చేసి, దాన్ని ట్రాక్ మీద పెట్టాను. మాటలు బాగానే ఉన్నా, పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. విసుగొచ్చి ప్రతి అక్షరాన్నీ బీట్‌కు కట్టేస్తే అది మాట కాకుండా పోయి, రాని ర్యాప్‌లా తయారైంది.

చివరికి హెడ్‌ఫోన్‌లో డ్రమ్స్ వింటూ మళ్లీ చదివాను. రెండు బార్లకు ఒక వాక్యం చొప్పున, వాక్యంలో బరువున్న ఒక్క మాటను మాత్రమే రెండో బార్ మొదటి బీట్ మీద పడేలా చూసుకుని, మిగతాదంతా స్వేచ్ఛగా వదిలేశాను. అయినా ‘స్నేహం’ అన్న మాట ఆలస్యంగానే వినిపించింది. ‘స్‌’ శబ్దం మొదలైన చోటును బీట్‌ను చూపే గ్రిడ్ గీతకు ఆనించడమే నా పొరపాటు. చెవి పట్టుకునేది ‘ఏ’ అన్న అచ్చును కనుక, క్లిప్‌ను కాస్త ముందే మొదలయ్యేలా జరిపి అచ్చును గీత మీదికి తెచ్చాక అది కుదిరింది.

నాలుగో వాక్యాన్ని, నాకిష్టమైనదే అయినా, తీసేశాను. తర్వాతి చరణం ఎత్తుగడ బీట్‌కు ముందే మొదలవుతుంది, గాయని ఊపిరి తీసుకోవడానికి ఆ రెండు బార్లు కావాలి.