ఆవకాయ నెలలో ఆగిపోయిన బరువు

ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని స్కానింగ్‌లో వచ్చినప్పుడు నా బరువు 92 కేజీలు, రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ 84. మందులతో పెద్దగా పని లేదు, బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది అని డాక్టర్ గారు చెప్పారు, అంటే నేను 83 దగ్గరికి రావాలి. వంటింటి త్రాసు కొన్నాను, రోజుకి 1800 కేలరీలు, తిన్నదల్లా రాసుకోవడం, పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడక. 11 వారాల్లో 84.9కి వచ్చా. తర్వాత మూడు వారాలు వారం సగటు 84.8, 84.9, 84.9. లాగ్‌లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు, అందుకే మరీ చిరాకు!

మొదట చేయబోయిన పని, అన్నం సగం చేసేద్దామనుకున్నా. మా ఆవిడే ఆపింది. "ఏమండీ, మూడు నెలలు ఇదే అన్నం తిని తగ్గారు కదా, ఇప్పుడు అన్నం ఏం చేసింది?" అంది. కరెక్ట్ పాయింట్ అది. మొదటి నుంచీ లాగ్‌లో ఉన్న తప్పు, ఉదాహరణకి కూర నూనె తక్కువ రాయడం లాంటిది, ఉన్నా కూడా బరువు తగ్గుతూనే వచ్చింది కదా, కాబట్టి ఆగిపోవడానికి అది కారణం కాదు, ఈ మధ్య కొత్తగా ఏం మారిందో చూడాలి.

లెక్క వేసుకున్నా. మొదటి రెండు వారాల్లో పోయిన 2.5 కేజీల్లో ఎక్కువ నీరే, దాన్ని పక్కన పెడితే మిగతా 9 వారాల్లో 4.6 కేజీలు, అంటే వారానికి అరకేజీ, అంటే రోజుకి సుమారు 550 కేలరీల లోటు ఉండేది. మరి అది ఎటుపోయింది? ఏడు కేజీలు తగ్గిన శరీరానికి ఖర్చే తక్కువ, అక్కడ ఓ 120 పోయింది (అంచనా మాత్రమే). ఫోన్‌లో స్టెప్స్ చూస్తే ఏప్రిల్‌లో సగటు 9000, మేలో 5500. ఉక్కపోతకి ఆరున్నరకే బీచ్ రోడ్డు నుంచి తిరిగొచ్చేస్తున్నా, పైగా సాయంత్రం బజారుకి కూడా బండి మీదే. నా బరువుకి ఆ 3500 అడుగులు ఓ 150 కేలరీలు. నేను మాత్రం లాగ్‌లో "నడక: చేశాను" అని టిక్ కొట్టుకుంటూ కూర్చున్నా.

మిగతాది ఎక్కడా అని చూస్తే జాడీలో దొరికింది. అమ్మ కొత్తావకాయ పెట్టింది. ముద్దపప్పు, ఆవకాయ, పైన ఊట నూనె. నేను "పచ్చడి" అని రాసి సున్నా వేస్తున్నా, పచ్చడికి కేలరీలేంటి అన్నట్టు. ఒకరోజు త్రాసు మీద గిన్నె పెట్టి నేను రోజూ వేసుకునేంత ఊట నూనె పోస్తే 12 గ్రాములు, అంటే 108 కేలరీలు. దానికి తోడు పచ్చడి లాక్కెళ్ళే రెండో ముద్ద అన్నం, అది ఇంకో 80. మొత్తం కలిపితే లోటు రోజుకి వంద దాకా మిగిలింది, అంటే వారానికి ఓ 90 గ్రాములు. ఆవకాయ ఉప్పుకి ఒంట్లో నీరు పడితే ఆ 90 గ్రాములు త్రాసులో ఎక్కడ కనిపిస్తాయి? సాయంత్రానికి సాక్స్ గుర్తులు చీలమండల మీద లోతుగా పడేవి, బొడ్డు దగ్గర నడుము కొలత మాత్రం అర సెంటీమీటర్ తగ్గింది. నడుము తగ్గి బరువు ఆగితే నీరు అనుమానించాలి, రెండూ ఆగితే లోటే లేదేమో చూసుకోవాలి.

మార్చింది రెండే, మొదటి నుంచీ తింటున్న అన్నం పరిమాణం మాత్రం ముట్టుకోలేదు. ఆవకాయ ముక్క ఒకటి, మధ్యాహ్నం మాత్రమే, నూనె టీస్పూన్‌తో కొలిచి రాయడం, రెండో ముద్ద లేదు. అమ్మ "ఒరేయ్, పచ్చడి కూడా తూకమేనా, ఇదేం రోగంరా" అని నాలుగు రోజులు మాట్లాడలేదు. రెండోది, మూడు పూటలా తిన్నాక పావుగంట మేడ మీదో, ఎండైతే ఇంట్లోనే హాల్లోనో నడక, స్టెప్స్ మళ్ళీ 9000 దాటేదాకా. 14 రోజులు ఇంకేం మార్చకూడదు అని పెట్టుకున్నా, లేకపోతే దేని వల్ల తగ్గిందో తెలీదు. దానికీ కదలకపోతే రాత్రి అన్నంలో 40 గ్రాముల బియ్యం తగ్గిద్దామని ప్లాన్. ఈలోపు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ కూడా చేయించా, నార్మల్. 1500 కేలరీల కంటే కిందకి మాత్రం సొంతంగా దిగొద్దని డాక్టర్ గారు ముందే చెప్పారు.

మొదటి వారం 84.7, అంతే, మనసు చెడింది. రెండో వారం 83.8. అంత కొవ్వు ఒక్క వారంలో పోదు, పట్టిన నీరు దిగింది. ఇంకో నాలుగు వారాలకి 82.1, ఎస్‌జీపీటీ 43, స్కాన్‌లో గ్రేడ్ 1. ఆ 40 గ్రాముల బియ్యం తీయాల్సిన అవసరం రాలేదు. జాడీలో మూడో వంతు ఇంకా ఉంది, అమ్మ ఊట నూనె నాకు కనబడకుండా పైన పళ్ళెం బోర్లించింది.