మసీదుకు వెళ్లే ఏడో తరగతి పిల్లలకు వర్క్‌షీట్ తయారుచేసిన వైనం

గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా బడికి రెండు వీధుల అవతలే మసీదు ఉంది. ఏడో తరగతిలో చాలామంది పిల్లలు రోజూ దాని ముందు నుంచే నడిచి వస్తారు, అజాన్ వింటారు, లోపల ఏముంటుందో మాత్రం తెలియదు. కొందరికి పీర్ల చావిడి తెలుసు, మొహర్రంలో పీర్లు ఎత్తడం చూశారు. మసీదులోనూ పీర్లే ఉంటాయని వాళ్ల నమ్మకం. ఫీల్డ్ విజిట్‌కి ఇంతకన్నా మంచి చోటు లేదనిపించి, పిల్లల చేతిలో పెట్టే కాగితం తయారుచేయడానికి కూర్చున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది చట్టం సంగతి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా, ఎయిడ్ తీసుకునే బడిలోనైనా, పిల్లల్ని వాళ్ల సంరక్షకుల ఒప్పుదల లేకుండా ప్రార్థనలో పాల్గొనమనకూడదు. అంటే ఒక మతం గురించి తెలుసుకోవచ్చు, దాన్ని ఆచరించమనకూడదు. తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో ఈ మాటే సూటిగా పెట్టాను: "పిల్లలు ఏ ప్రార్థనలోనూ పాల్గొనరు. నమాజు లేని సమయంలో వెళ్తున్నాం. రావడం ఇష్టం లేకపోతే కారణం చెప్పనవసరం లేదు." ఆ చివరి వాక్యం ఆడపిల్లల కోసం కూడా. రానివాళ్లకు బయట నుంచి చూసి చేసే పని వేరే ఉంది: కట్టడం బొమ్మ గీయడం, మసీదు ఏ వైపు తిరిగి ఉందో వీధి మ్యాపులో గుర్తించడం. మార్కులు ఇద్దరికీ సమానమే.

పిల్లలకన్నా ముందు నేను వెళ్లి మసీదు నిర్వహణ చూసే ముతవల్లి గారినీ, నమాజు చదివించే ఇమాం గారినీ కలిశాను. శుక్రవారం వద్దని, మిగతా రోజుల్లో పదిన్నర నుంచి పన్నెండు లోపు ఖాళీగా ఉంటుందని చెప్పారు. ఆడపిల్లలు చున్నీ తలమీద వేసుకుంటే చాలన్నారు. నా చేతిలో ముసాయిదా ప్రశ్నలున్నాయి. ఒక్కో ప్రశ్న దగ్గర, దాని జవాబు కనబడే చోటే నిలబడి చదువుకున్నాను. కూర్చుని రాసిన ప్రశ్నకూ నిలబడి చూసిన ప్రశ్నకూ ఎంత తేడా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

ఉదాహరణకు "మిహ్రాబ్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న. దీని జవాబు పాఠ్యపుస్తకంలో ఉంది, మసీదు దాకా రానక్కర్లేదు. ఒకడు రాస్తే వెనక నలభై మంది చూసి దింపేస్తారు, ఎవరూ తల ఎత్తి గోడ వైపు చూడరు. అది కొట్టేసి ఇలా రాశాను: "ఎదుటి గోడలో లోపలికి తొలిచినట్టున్న గూడు ఉంది. ఇమాం గారు అందులో నిలబడి గోడ వైపు తిరిగి చదువుతారు, జనం వెనక ఉంటారు. ఆయన మాట మీకెలా వినిపించింది? గూడు లేని గోడ దగ్గర ఎలా వినిపించింది?" ఇమాం గారికి ఈ ఆలోచన నచ్చింది. విజిట్ రోజున మైకు ఆపేసి, మామూలు గోడ వైపు తిరిగి తెలుగులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టారు, మళ్లీ గూట్లో నిలబడి లెక్కపెట్టారు. వెనక వరసలో కూర్చున్న పిల్లలు ఒక్కో అంకె దగ్గరా టిక్కు పెట్టుకున్నారు. గూడు వంపు మాటను వెనక్కి తిప్పి పంపుతుందని వాళ్లకై వాళ్లే పట్టుకున్నారు. మైకులు రాకముందు అదెంత అవసరమో నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు.

నేను ఎక్కువసేపు తిప్పలు పడ్డ ప్రశ్న ఇంకొకటి. "మసీదులో విగ్రహాలు ఎందుకు ఉండవు?" పిల్లలు తప్పకుండా అడిగేదే. కానీ కాగితం మీద అలా పడితే, విగ్రహం ఉండటమే మామూలు, లేకపోవడం లోటు అన్న అర్థం ముందే వచ్చి కూర్చుంటుంది. నేనొక పరీక్ష పెట్టుకున్నాను: ప్రతి ప్రశ్ననూ తిరగేసి, వేరే మతం పిల్లలు మా శివాలయానికి వచ్చి అదే రకం ప్రశ్న అడిగినట్టు ఊహించడం. "గుళ్లో వరసలుగా నిలబడే చోటు ఎందుకు లేదు?" అని అడిగితే నాకు వింతగా ఉంటుంది. గుడి వాళ్ల కొలబద్దతో కాదుగా కట్టింది! ఈ పరీక్షలో నిలవని ప్రశ్నలన్నీ తీసేశాను. విగ్రహాల ప్రశ్న ఇలా మారింది: "ఇక్కడికి వచ్చినవాళ్లు ఏ వైపు తిరిగి నిలబడతారు? అది మీకు దేన్ని చూస్తే తెలిసింది?" దీనికి జవాబు వెతకాలంటే పిల్లలు తివాచీ మీద గీతలు చూడాలి, గూడు చూడాలి, ఇమాం గారు ఎక్కి ప్రసంగించే మింబర్ మెట్లు చూడాలి. అక్కడి నుంచి మక్కా దిశ దానంతటదే వస్తుంది.

దిశ సంగతిని క్లాసులో గ్లోబు మీద ముందే చేశాం. గుంటూరు మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొసను మక్కా దాకా బిగించి లాగితే, దారం నేరుగా పడమరకు పోదు. పడమర నుంచి ఉత్తరం వైపు దాదాపు 14 డిగ్రీలు ఒరుగుతుంది. పాత మసీదుల్లో కొన్నిటిని సరిగ్గా పడమరకే కట్టారు, అందుకని షీటులో "14 వచ్చిందా?" అని అడగలేదు, "మీ దిక్సూచి ఎంత చూపింది?" అని మాత్రమే అడిగాను. ఒక జాగ్రత్త: ఇనుప గేటుకు, కిటికీ ఊచలకు, సిమెంటు స్తంభాలకు దగ్గరగా నిలబడితే ముల్లు పక్కకు లాగుతుంది, స్తంభంలో కూడా ఇనుప చువ్వలుంటాయి. రెండు జట్లకు రెండు రకాల అంకెలు వస్తే ముందు వాళ్లెక్కడ నిలబడ్డారో చూడాలి. ఆవరణ మధ్యలో కొలిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఈ కాగితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గడియారాల బోర్డు. లోపల గోడకు ఒకే చెక్క మీద ఆరు చిన్న గడియారాలుంటాయి: రోజూ చదివే ఐదు నమాజులకు ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా, ఆరోది శుక్రవారం నమాజు జుమా. వాటి ముళ్లు తిరగవు, అందరూ కలిసి చదివే జమాత్ వేళను చూపుతూ ఆగి ఉంటాయి, వేళ మారినప్పుడు చేత్తో తిప్పుతారు. ఉర్దూ రాని పిల్లలకు కూడా అర్థమయ్యే వస్తువు. ప్రశ్న ఇది: "ఈ ఆరింటిలో ఏ గడియారాన్ని తరచూ తిప్పాల్సి వస్తుంది? ఎందుకు? ముందు మీ ఊహ రాయండి, తర్వాత అజాన్ ఇచ్చే మౌజన్ గారిని అడగండి." జమాత్‌కు ఒకే సమయం పెట్టుకుని నెలల తరబడి నడిపే వీలు జొహర్‌కు ఉంది. మగ్రిబ్‌కు అది కుదరదు, సూర్యుడు అస్తమించగానే చదవాలి. మా ప్రాంతంలో నవంబరు చివర 5:35 ప్రాంతంలో పొద్దుగూకితే, జూలై మొదట్లో 6:45 అవుతుంది. ఒక కుర్రాడు వెంటనే "అయితే మా క్యాలెండర్లో సూర్యాస్తమయం వేసిన గడే ఇది!" అన్నాడు. ఇంటికెళ్లి పంచాంగం క్యాలెండర్ చూసి మర్నాడు పోల్చి చూపించాడు.

నమాజుకు ముందు కడుక్కునే వజూ దగ్గర ప్రశ్న తేలికగానే కుదిరింది. మౌజన్ గారు చేసి చూపించారు: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల తుడవడం, చివర చీలమండల దాకా పాదాలు. షీటులో ఈ పేర్లు కలగాపులగంగా ఉంటాయి, పిల్లలు చూస్తూ వరస అంకెలు వేస్తారు. పిల్లల చేత చేయించలేదు. ఉత్తరంలో ఇచ్చిన మాట అక్కడ నిలబెట్టుకోవాలి.

మనుషుల్ని అడిగే భాగానికి ఒకే నియమం పెట్టాను: ప్రశ్న "మీ మతంలో" అని మొదలవకూడదు, "మీరు" అని మొదలవ్వాలి. "మీ మతంలో నమాజు ఎందుకు చేస్తారు?" అంటే పుస్తకం జవాబు వస్తుంది. "మీరు చిన్నప్పుడు ఇక్కడికి ఎవరితో వచ్చేవారు?" అంటే మనిషి మాట్లాడతాడు. ఇమాం గారితో పాటు ముతవల్లి గారినీ, ఎదురుగా సైకిల్ షాపు నడిపే ఆయననీ కూడా కూర్చోబెట్టాం. ఒకే ప్రశ్నకు ముగ్గురివీ వేర్వేరు జవాబులు. సైకిల్ షాపాయన, షాపు వదిలి రాలేని రోజుల్లో అక్కడే చదువుకుంటానన్నాడు. "ముస్లింలందరూ ఇలా" అని రాయబోయిన చేతులు అక్కడ ఆగాయి. మా క్లాసులో నలుగురు ముస్లిం పిల్లలున్నారు. వాళ్లను గైడ్లుగా నిలబెట్టలేదు, జవాబుల కోసం వాళ్లవైపు తిరగొద్దని మిగతావాళ్లకు ముందే చెప్పాను. వాళ్లూ అదే షీటు పట్టుకుని అడిగారు.

కష్టమైన ప్రశ్న వస్తుందని తెలిసి ఇమాం గారితో ముందే మాట్లాడి ఉంచాను. వచ్చింది కూడా. ఒక అమ్మాయి, "మీ మసీదుకు ఆడవాళ్లు నమాజుకు వస్తారా?" అని అడిగింది. "మా దగ్గర వాళ్లకు వేరే చోటు లేదమ్మా, ఇంట్లోనే చదువుకుంటారు. చోటున్న మసీదుల్లో వస్తారు" అన్నారాయన. ఆ అమ్మాయి అది ఉన్నదున్నట్టు రాసుకుంది.

అలా రాసుకోవడానికే షీటు చివర మూడు గడులు పెట్టాను: చూసింది, విన్నది, అనుకున్నది. దిద్దేటప్పుడు నేను చూసేదంతా ఏ మాట ఏ గడిలో పడిందన్నదే. ఒకడు "ఇక్కడ అందరూ సమానం" అని "చూసింది" కింద రాశాడు. పిలిచి అడిగాను, "దేన్ని చూశావురా?" అని. కాసేపు ఆలోచించి, "గీతలన్నీ ఒకే వెడల్పు సార్, ఎవరికీ వేరే కుర్చీ లేదు" అన్నాడు. అది చూసింది. ముందొచ్చినవాడు ముందు వరసలో నిలబడతాడని ఇమాం గారు చెప్పింది విన్నది. సమానం అన్నది వాడు అనుకున్నది. మూడూ విడదీసి రాశాక పూర్తి మార్కులు వేశాను. నమ్మకానికి, "నాకు చాలా నచ్చింది" అన్న మాటకు మార్కులు లేవు. ఉంటే పిల్లలు మనకు నచ్చేదే రాస్తారు.

ఇప్పుడు ఇదే షీటును ఊళ్లో చర్చికి మారుస్తున్నాను. దిక్సూచి, మూడు గడులు, "మీరు" నియమం అలాగే ఉంటాయి. వజూ తీసేయాలి. గడియారాల బోర్డుకు బదులు, బలిపీఠం పక్క గోడకు వేలాడే పాటల నంబర్ల బోర్డు తీసుకున్నాను: "ఈ అంకెలు దేనివి? గత ఆదివారం ఈ నంబర్లను ఎవరు ఎంచారు?" దానికి జవాబు చెప్పగలిగేవారెవరో కనుక్కోవడానికి వచ్చే వారం పాస్టరు గారిని కలవాలి.