ప్రళయ కావేరికి మాట వెతుక్కుంటూ

చెన్నైలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు ఏటా వేసే చిన్న సంచిక కోసం పులికాట్ గురించి రాశాను. జనవరిలో లోకల్ రైల్లో సూళ్లూరుపేట దిగి, శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆటోలో వెళ్లి చూసొచ్చిన సరస్సది. మనవాళ్లు దాన్ని ప్రళయ కావేరి అంటారు.

మొదటి ప్రతి మా పిన్నికి చదివి వినిపించాను. కనువిందు, ప్రకృతి రమణీయత, రెండు కళ్లూ చాలవు, అన్నీ ఉన్నాయందులో. "ప్రళయ కావేరి తీసేసి ఊటీ అని పెట్టి చదవవే. ఏమన్నా తేడా ఉందా?" అంది. చదివాను. ఒక్క వాక్యం కూడా అడ్డు తగల్లేదు.

ఆ మాటలన్నీ కొట్టేశాక, నాకు నచ్చింది ఏ రకం అందమో తేల్చుకోవలసి వచ్చింది. తెలుగులో వీటికి వేరువేరు మాటలున్నాయి. చక్కదనంలో తీరుగా, కుదురుగా ఉండటం ఉంది. సొగసులో కాస్త వయ్యారం, అలంకారం ఉన్నాయి. ముచ్చట చిన్నవాటికి నప్పుతుంది. బురద అంచున గబగబా పరుగెత్తే చిన్న పిట్టలకు ముచ్చట సరిపోయింది. అంత పెద్ద సరస్సుకు మాత్రం అతకలేదు.

నీటి మెరుపు దగ్గర ఇంకా తిప్పలు పడ్డాను. తళతళ అని రాస్తే తోమిన ఇత్తడి బిందె కనిపించింది. ధగధగ అంటే బంగారం. మధ్యాహ్నం గాలికి ముక్కలు ముక్కలుగా కదిలిన వెలుగుకి మిలమిలే సరైంది. సాయంత్రం నీరు తీసిన చోట తడి బురద నిగనిగలాడింది, నేరేడు పండులాగా. ఒక్కో మాట పక్కన అలాంటి వస్తువొకటి పెట్టుకుని చూస్తే తప్పు వెంటనే తెలిసిపోతోంది.

ఫ్లెమింగోల దగ్గర ఏ విశేషణమూ నిలవలేదు. "గులాబీ రేకులు చల్లినట్టు" అని రాసి, అదీ ఎక్కడో చదివిన మాటేనని కొట్టేశాను. చూసింది చూసినట్టే రాశాను: "దూరానికి తెల్లగా ఉన్నాయి. లోతులేని నీళ్లలో కాళ్లతో బురద కెలుకుతూ, ముక్కు తలకిందులుగా ముంచి మేస్తున్నాయి. ఆటో హారన్‌కి లేచాయి. రెక్కలు విప్పేసరికి లోపలి ఎరుపు, అంచుల నలుపు ఒక్కసారిగా బయటపడ్డాయి." అందం అన్న మాట లేదు. పిన్ని అక్కడ ఆగి, "మళ్లీ చదువు" అంది.

వ్యాసం మొత్తంలో ఒక్క "బాగుంది" ఉంచుకున్నాను, అదీ నాది కాదు. నడుములోతు నీళ్లలో వల సర్దుకుంటున్న ఒకాయనన్నది. "ఈ ఏడు నీళ్లు బాగున్నాయమ్మా" అన్నాడు. రొయ్య పడుతోందని ఆయన సంతోషం.