ఆరో వారం: ఓబీవీ పైకి, ఏడీ కిందికి

ధరతో పాటు వాల్యూమ్‌ను కూడా లెక్కలోకి తీసుకుని కొనుగోళ్ల, అమ్మకాల ఒత్తిడిని చూపే రెండు గీతలు నా పట్టికలో ఉన్నాయి: ఓబీవీ అంటే ఆన్-బ్యాలెన్స్ వాల్యూమ్, ఏడీ అంటే అక్యుములేషన్/డిస్ట్రిబ్యూషన్. ఈ వారం అవి మొదటిసారి ఎడమొహం పెడమొహంగా నడిచాయి. నేను గమనిస్తున్న చిన్న క్రిప్టో కాయిన్ మంగళవారం 100 దగ్గర ముగిసింది. బుధవారం 110 దాకా ఎగిసి, 99 దాకా పడి, చివరికి 101.5 దగ్గర ఆగింది. ఆ రోజు వాల్యూమ్, అంటే చేతులు మారినవి, 4,000 కాయిన్లు.

ఓబీవీ అడిగేది ఒక్కటే: ముగింపు ధర నిన్నటికంటే ఎక్కువా, తక్కువా? ఎక్కువే కాబట్టి 4,000 మొత్తాన్నీ కలిపేసింది. ఏడీ నిన్నటి ధర జోలికే పోదు. ఆ రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య ముగింపు ఎక్కడ పడిందో చూస్తుంది. ఇక్కడ కనిష్ఠానికి 2.5 పైన, గరిష్ఠానికి 8.5 కింద పడింది. తేడా మైనస్ 6. దాన్ని 11తో భాగించి 4,000తో గుణిస్తే సుమారు మైనస్ 2,182. కొన్నవాళ్లు పైకి నెట్టిన ధరను అమ్మినవాళ్లు దించేశారన్న సంగతి ఏడీకి దొరికింది, ఓబీవీకి దొరకలేదు.

నా స్ప్రెడ్‌షీట్‌లో B గరిష్ఠం, C కనిష్ఠం, D ముగింపు, E వాల్యూమ్. F ఓబీవీ, G ఏడీ:

```
F3: =F2+SIGN(D3-D2)*E3
G3: =G2+IF(B3=C3,0,((D3-C3)-(B3-D3))/(B3-C3)*E3)
```

రెండింటినీ సున్నాతో మొదలుపెట్టాను. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, గీత వాలు ఎటన్నదే చూడాలి.

1963లో జోసెఫ్ గ్రాన్‌విల్ ఓబీవీని ప్రచారంలోకి తెచ్చినప్పుడు అది షేర్ల కోసం. వాటికి మార్కెట్ మూసే గంట ఉంటుంది, కాయిన్‌కు ఉండదు. చార్టుల్లో రోజు సాధారణంగా యూటీసీ అర్ధరాత్రికి, అంటే మనకు ఉదయం 5:30కి మారుతుంది. మొదట్లో నేను మన అర్ధరాత్రి ధరలు రాసుకునేవాణ్ణి. ఆ లెక్కన ఇదే బుధవారం ముగింపు నిన్నటికంటే కాస్త తక్కువ, కాబట్టి ఓబీవీ గుర్తే తిరగబడింది! ముగింపులు దగ్గర దగ్గరగా ఉన్న రోజున ఓబీవీ చెప్పే మాటకు నేనిప్పుడు విలువ ఇవ్వడం లేదు.

వాల్యూమ్ ఒకే ఎక్స్‌ఛేంజ్ నుంచి తీసుకుంటున్నాను, కానీ అందులోనూ చిక్కుంది. ఉదాహరణకు, 2022 జులైలో బైనాన్స్ ఎక్స్‌ఛేంజ్ బిట్‌కాయిన్ స్పాట్ లావాదేవీలకు ఫీజు ఎత్తేసింది, 2023 మార్చిలో చాలా ట్రేడింగ్ జతలకు మళ్లీ పెట్టింది. ఆ మధ్యకాలపు వాల్యూమ్‌ను ముందు వెనకల వాల్యూమ్‌తో కలిపి గీత గీస్తే, కొనుగోళ్ల ఉత్సాహానికీ ఫీజు లేకపోవడానికీ తేడా తెలియదు.

బుధవారం ఒక్కరోజు తేడాకు నేనేమీ అమ్మలేదు. ధర పాత శిఖరాన్ని దాటి, రెండు గీతలూ తమ పాత శిఖరాలను దాటితే దాన్ని ధ్రువీకరణగా రాసుకుంటున్నాను. ఒక్కటి వెనకబడినా హెచ్చరిక అని రాసి, ధర ఇటీవలి కనిష్ఠం కింద ముగిసేదాకా ఆగుతున్నాను. ఇప్పటిదాకా నాలుగు హెచ్చరికలు, అందులో రెండు వృథా. ఈ కాయిన్‌కు ఆ ఇటీవలి కనిష్ఠం 96 దగ్గర ఉంది.