నిదానం నుంచి నెమ్మదికి

పెద్దవాళ్లను తొందరపెట్టకుండా తిప్పుతారన్న భరోసా కలగాలని, బెంగళూరులో మా బావగారు ప్రారంభించనున్న తీర్థయాత్రల సంస్థకు మేము మొదట ‘నిదాన యాత్ర’ అని పేరు పెట్టి, కన్నడిగుల కోసం వాళ్ల భాషలో అదే అర్థమిచ్చే ‘నిధాన’ అని మార్చి, ఇంగ్లీషు లిపిలో బోర్డు నమూనా వేయించాము. ఇంగ్లీషులో దీర్ఘం కనిపించదు కనుక, మరణవార్తల్లో వాడే ‘నిధన’ అని చదువుకుంటారని పక్కింటి కన్నడ పెద్దాయన సున్నితంగా చెప్పారు. అరవై దాటినవారికి అలాంటి టికెట్టు అమ్మబోయామా అని బావగారు తల పట్టుకున్నారు! బదులుగా ‘సురక్షిత’ వంటి మాట పెడదామంటే, అది సేవను వర్ణించేదే కనుక ట్రేడ్‌మార్కుకు అభ్యంతరం రావచ్చు. చివరికి ‘నెమ్మది’ని ఎంచుకున్నాము, మనకది తొందరలేనితనం, కన్నడిగులకు మనశ్శాంతి. ట్రేడ్‌మార్కుల్లో ప్రయాణ సేవలుండే 39వ తరగతిలో ఇదే పేరు ఎవరికైనా ఉందేమో ఇంకా వెతకాలి.