చప్పట్లా, నమస్కారమా: మొదటి పదిహేను సెకన్ల లెక్క

ఆదివారాల్లో హైదరాబాద్ పాత కట్టడాల మీద వీడియోలు తీస్తుంటాను. ఈసారి ఏడు, ఎనిమిది నిమిషాల నిడివి ఉన్న ఆరింటిని తీసుకుని, విడుదలైన మొదటి వారంలో పదిహేనో సెకను దగ్గర ఎంతమంది మిగిలారో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాటిలో రెండే తేడా చూపాయి: ఒకటి పైగా అనే నవాబుల కుటుంబం సమాధుల మీద, రెండోది గోల్కొండ కోట మీద.

పైగా సమాధుల వీడియో పాత పద్ధతిలో మొదలవుతుంది: "అందరికీ నమస్కారం, మన ఛానెల్‌కు స్వాగతం." గోల్కొండ వీడియోలో మాటే లేదు. కింద ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టడం, వెంటనే కొండ మీద బాలాహిస్సార్‌లో ఆ శబ్దం వినిపించడం, అంతే. ఆ శబ్దం రికార్డు చేయడానికి తమ్ముడిని మెట్లన్నీ ఎక్కించాను. వాడు ఇంకా అలిగే ఉన్నాడు.

తీరా చూస్తే పైగా వీడియోకు 71 శాతం, గోల్కొండకు 65 శాతం వచ్చాయి. నమస్కారమే గెలిచిందా అని కాసేపు నీరసపడ్డాను. తర్వాత యూట్యూబ్ స్టూడియోలో, ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫును సబ్‌స్క్రైబర్లు, కానివారు అని విడదీసి చూశాను. పైగా వీడియోకు వచ్చిన 400 వీక్షణల్లో 300 సబ్‌స్క్రైబర్లవే. వాటిలో 80 శాతం నిలిచాయి, మిగతా వందలో 44 శాతమే. గోల్కొండకు 500 వస్తే సబ్‌స్క్రైబర్లవి వందే, నిలిచింది 82 శాతం. మిగతా 400లో 61 శాతం. అంటే తెలిసినవాళ్లు ఏం పెట్టినా చూస్తున్నారు. హుక్, అంటే మొదట్లోనే చూసేవాళ్లను పట్టి నిలిపే ఎత్తుగడ, పనిచేయాల్సింది కొత్తవాళ్ల మీద, అక్కడ చప్పట్లే నయం. మొత్తం అంకె తలకిందులవడానికి కారణం ఎవరు ఎక్కువగా చూశారన్నదే.

వంద వీక్షణల మీద వచ్చిన శాతం అటూ ఇటూ పది పాయింట్లు ఊగుతుంది. నాలుగు వందలైతే అయిదు. అందుకే 44కీ 61కీ మధ్య తేడాను నమ్ముతున్నాను. మిగతా నాలుగు వీడియోల మధ్య ఉన్న మూడు, నాలుగు పాయింట్లను పట్టించుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఎనలిటిక్స్ నుంచి తీసే రిటెన్షన్ సమాచారంలో వీడియో ఎంత పొడవున్నా వంద బిందువులే ఉంటాయి. నా గోల్కొండ వీడియో 7 నిమిషాల 20 సెకన్లు, కాబట్టి బిందువుకూ బిందువుకూ మధ్య 4.4 సెకన్లు. సరిగ్గా పదిహేనో సెకను దొరకదు. 13.2, 17.6 సెకన్ల అంకెలు తీసుకుని మధ్య విలువ లెక్కగట్టాను. అరగంట వీడియోకైతే ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే మొదటి బిందువే 18 సెకన్ల దగ్గర పడుతుంది.

అయినా ఇది హుక్ ఒక్కదాని తేడా అని చెప్పలేను. గోల్కొండ పేరు వినని వాళ్లుండరు, కానీ పైగా కుటుంబం సమాధులు చాలామందికి తెలియవు. అందుకే వచ్చే నెల రెండు పద్ధతులనూ తారుమారు చేసి చూస్తాను: పైగా సమాధుల రెండో భాగాన్ని గచ్చు జాలీ పనితనం దగ్గరి షాట్‌తో, మాట లేకుండా మొదలుపెడతాను. గోల్కొండ రెండో భాగానికి నమస్కారం పెడతాను. తమ్ముడు కింద ద్వారం దగ్గరే ఉంటానంటున్నాడు.